తోటి ఇంటర్న్ పని చేయడం లేదని మెంటర్‌కి చెప్పే ముందు

ప్రశ్న: "విజయవాడలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఎనిమిది వారాల ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. నాకూ ఇంకో అబ్బాయికీ కలిపి ఒకే ప్రాజెక్ట్ ఇచ్చారు. క్లినిక్‌లో ఓపీ టోకెన్లు ఇచ్చే వెబ్ యాప్. ఇప్పుడు ఐదో వారం. గిట్‌లో నావి 41 కమిట్లు, అతనివి 3. ఎప్పుడు అడిగినా 'చేస్తున్నా బ్రో' అంటాడు. మెంటర్‌కి చెప్తే అతని సర్టిఫికెట్ పోతుందేమో అని భయం. చెప్పకపోతే మొత్తం నా నెత్తిన పడుతుంది. ఏం చేయాలి?"

సమాధానం:

చెప్పాలి. కాకపోతే ఈ వారం వద్దు, వచ్చే బుధవారం చెప్పండి. ఈలోగా మీరు చేయాల్సిన పని కొంత ఉంది. నేను పదకొండేళ్ళుగా విజయవాడలో ఒక టీమ్ నడుపుతున్నాను. ప్రతి వేసవికీ నలుగురైదుగురు ఇంటర్న్‌లు మా దగ్గరికి వస్తారు. ఇద్దరికి కలిపి ఒక ప్రాజెక్ట్ ఇస్తే దాదాపు ఏటా ఏదో ఒక జతలో ఈ మాట వస్తుంది. ఒకసారి ఆ మాట విని తొందరపడి ఒక అబ్బాయికి అన్యాయం చేశాను. అది ఇప్పటికీ బాధగానే ఉంది కాబట్టి మీకు కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ సంఘటనే చెప్తాను. మీ 41, 3 అంకెలు చూడగానే నాకు అదే గుర్తొచ్చింది.

కొన్నేళ్ళ క్రితం గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల కోసం ఒక యాప్ మొదలుపెట్టాం. రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దింపినప్పుడు లాట్ నంబరు, ఏ ఛాంబర్‌లో ఏ అంతస్తులో పెట్టారో ఎక్కించాలి. అమ్మినప్పుడు ఎన్ని టిక్కీలు బయటికి వెళ్ళాయో తీసేయాలి. దాన్ని ఇద్దరు ఇంటర్న్‌లకు ఇచ్చాను. ఒక అమ్మాయి తెనాలి నుంచి రోజూ రైల్లో వచ్చేది. ఒక అబ్బాయిది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు, ఇక్కడ రూమ్ తీసుకుని ఉండేవాడు. నాలుగో వారం చివర్లో ఆ అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "సార్, నావి 63 కమిట్లు, తనవి 4. నేనొక్కదాన్నే చేస్తున్నాను" అంది. ఆమె చెప్పిన అంకెల్లో అబద్ధం లేదు. నేను వెంటనే ఆ అబ్బాయిని పిలిచి, మిగతా ఇంటర్న్‌లు కూర్చున్న చోటే "నాలుగు వారాలు ఏం చేశావ్?" అని అడిగాను. అతను తల దించుకుని నిలబడ్డాడు, ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడకపోతే తప్పు ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

మర్నాడు ఆ ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి బయటికి వచ్చింది. రెండో వారంలో ఆ అబ్బాయి టిక్కీలు దింపే ఫారం రాసి పుల్ రిక్వెస్ట్ పెట్టాడు. అందులో తప్పులున్నాయి. ఆ అమ్మాయి అతనికి చెప్పకుండా ఆ రాత్రే మొత్తం తీసేసి తను మళ్ళీ రాసి కలిపేసింది. ఆమెకు అందులో చెడు ఉద్దేశం లేదు, పని ముందుకు పోవాలని చేసింది. అతనికి మాత్రం "నువ్వు రాసేది పనికిరాదు" అన్నట్టు అనిపించింది. అప్పటి నుంచి ఏమీ పుష్ చేయలేదు. మరి ఆ రెండు వారాలూ ఖాళీగా ఉన్నాడా అంటే, లేడు. గుంటూరు బయట ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీకి రెండుసార్లు వెళ్ళాడు. అక్కడి గుమస్తా పక్కన కూర్చుని లెడ్జర్ ఎలా రాస్తారో చూశాడు. రైతు వంద టిక్కీలు పెట్టి, ఇవాళ ముప్పై అమ్మి, మిగతావి ధర చూసుకుని తర్వాత అమ్ముతాడని, కాబట్టి ఒక లాట్ ఒకేసారి ఖాళీ అవదని కనుక్కుని ఆ అమ్మాయికి చెప్పాడు. ఆమె దాని ప్రకారం టేబుల్ మార్చింది. ఆ కమిట్ ఆమె పేరు మీద ఉంది. అది లేకపోతే ఆ యాప్ మొదటి వారంలోనే తప్పు లెక్క చూపించేది.

ఇదంతా విన్నాక కూడా అతని పని తక్కువే. అది నేను కాదనను. ఫారం తిరగరాశారని తెలిసినప్పుడు నోరు తెరిచి అడగాల్సింది. కానీ "ఏమీ చేయలేదు" అన్న మాట నిజం కాదు. ఆ మాట నమ్మి నలుగురి ముందు అడిగింది నేను.

మీ విషయానికి వస్తాను. మొదట మీ అంకెలు సరైనవో కాదో చూడండి. మీ లాప్‌టాప్‌లో మెయిన్ బ్రాంచ్ ఒక్కటే చూసి లెక్కపెట్టి ఉంటే అది చాలదు. అన్ని బ్రాంచ్‌లూ తెచ్చుకుని చూడండి:

```
git fetch --all
git shortlog -sne --all --no-merges
```

ఇందులో ప్రతి మనిషి పేరు, ఈమెయిల్, కమిట్ల సంఖ్య వస్తాయి. ఒకే మనిషి రెండు పేర్లతో కనిపించడం చాలా మామూలు. కాలేజీ మెయిల్‌తో కొన్ని, సొంత మెయిల్‌తో కొన్ని పెట్టి ఉంటాడు. ఆఫీసు సిస్టమ్‌లో మీరు ముందే పేరు సెట్ చేసి ఉంచితే, అతను అదే సిస్టమ్‌లో కూర్చుని చేసిన కమిట్లు మీ పేరు మీదే పడతాయి. మెంటర్ స్క్వాష్ చేసి కలిపితే అతని పది కమిట్లు ఒక్కటిగా కనిపిస్తాయి. ఇవన్నీ సరిచూశాక కూడా తేడా పెద్దగానే ఉండొచ్చు. అప్పుడు కనీసం మీరు చెప్పే అంకె గట్టిగా నిలబడుతుంది.

అయితే ఈ కమాండ్ అతను పుష్ చేసినదాన్నే చూపిస్తుంది. అతని లాప్‌టాప్‌లో ఆగిపోయింది కనిపించదు. కొత్తవాళ్ళు ఆగిపోయే చోటు చాలాసార్లు ఒకటే ఉంటుంది. పుష్ కొట్టగానే ఈ మెసేజ్ వస్తుంది:

```
 ! [rejected]        main -> main (fetch first)
error: failed to push some refs
```

దీని అర్థం, ఈలోగా మీరు పుష్ చేసినవి అతని దగ్గర లేవని, అంతే. రెండేళ్ళు గిట్ వాడినవాళ్ళకు ఇది అర నిమిషం పని. మొదటిసారి చూసినవాడికి "రిజెక్టెడ్" అనే మాట, కింద ఎర్రర్ కనిపిస్తాయి. ఇంకోటి కొడితే మీ కోడ్ పోతుందేమో అని భయపడి ఆపేస్తాడు. వారానికి ఎనిమిది కమిట్లు పెట్టే మనిషిని ఇది అడగడానికి సిగ్గు. "చేస్తున్నా బ్రో" అనే మాట వెనక ఇది ఉండటం నేను మూడు నాలుగు సార్లు చూశాను.

అందుకే అతనితో మాట్లాడేటప్పుడు ఇద్దరూ అతని లాప్‌టాప్ ముందు కూర్చోండి. అతను లేనప్పుడు తెరిచి చూడొద్దు, అది తప్పు. అతన్నే ఇవి కొట్టమనండి:

```
git status
git stash list
git log --branches --not --remotes --oneline
```

మొదటి రెండు లైన్లలో ఇంకా కమిట్ చేయని పని ఉంటే తెలుస్తుంది, దాన్ని ముందు కమిట్ చేయమనండి. చివరి లైన్‌లో ఏవైనా కమిట్లు కనిపిస్తే అవి అతని దగ్గరే ఉండి, ఎక్కడికీ పంపనివి. వాటిని మెయిన్‌లోకి నెట్టే తంటా ఇప్పుడు వద్దు. కొత్త బ్రాంచ్ చేసి అలాగే పుష్ చేయమనండి. అందులో ఎలాంటి గొడవా ఉండదు:

```
git switch -c token-board
git push -u origin token-board
```

పైన మొదట కొట్టిన మూడు లైన్లలోనూ అతని పని ఏదీ కనిపించకపోతే అది కూడా మీకు తెలియాల్సిన విషయమే. కనీసం అనుమానం తీరుతుంది.

ఇక మాట. ఈ మాట ఆఫీసులో సీటు దగ్గర, గ్రూప్‌లో, మెంటర్ వినేలా వద్దు. సాయంత్రం టీకి బయటికి వెళ్ళినప్పుడు మాట్లాడండి. మొదటి వాక్యం "నువ్వు ఏమీ చేయట్లేదు" అయితే అతను తన్ను తాను కాపాడుకోవడం మొదలుపెడతాడు, ఆ తర్వాత మీకు ఒక్క నిజం కూడా దొరకదు. "మనకు ఇంకా మూడు వారాలే ఉన్నాయి. టోకెన్ ఇచ్చే స్క్రీన్ అయింది, హాల్లో టీవీ మీద కనిపించే బోర్డు మొదలుకాలేదు. నీకు ఎక్కడ ఆగిందో చెప్పు, ఇద్దరం చూద్దాం" అని మొదలుపెట్టండి. తర్వాత మీరు ఆగండి. అతను వెంటనే చెప్పడు. ఒకటి రెండు నిమిషాలు మౌనంగా ఉన్నా మీరే మాటలు అందించి నింపేయకండి.

ఇంకో ప్రశ్న మీ నోటితో మీరే అడగాలి: "నేను నీ పని ఏదైనా తీసేసి మళ్ళీ రాశానా?" ఇది అడగడానికి ఇబ్బందిగా ఉంటుంది. కానీ అతనివి మూడు కమిట్లు ఉన్నాయన్నారు. ఆ మూడింటి కోడ్ ఇప్పుడు మెయిన్‌లో ఉందా, మీ చేతుల్లో మారిపోయిందా? ఒకసారి ఆ ఫైల్ మీద `git log -p` కొట్టి మీరే చూసుకోండి. మారిపోయి ఉంటే ఆ విషయం అతని కంటే ముందు మీరే ఒప్పుకోండి. మా కోల్డ్ స్టోరేజీ జతలో ఆ అమ్మాయి "నిన్ను అడక్కుండా మార్చాను, తప్పు నాదే" అన్నాకే ఆ అబ్బాయి రెండో మాట మాట్లాడాడు.

అతను చెప్పేదాన్ని బట్టి దారి మారుతుంది. ఎక్కువగా నేను విన్నవి మూడు. మొదటిది, అతని సిస్టమ్‌లో ప్రాజెక్టే సరిగా నడవడం లేదు. 4 జీబీ ర్యామ్ లాప్‌టాప్‌లో డేటాబేస్, సర్వర్, బ్రౌజర్ మూడూ తెరిస్తే పది నిమిషాలకోసారి ఆగిపోతుంది. ఇది మెంటర్ ఒక్క రోజులో తీర్చగల సమస్య, ఆఫీసులో ఒక సిస్టమ్ ఇస్తే చాలు. ఈ ఒక్కదానికీ మీరు బుధవారం దాకా ఆగక్కర్లేదు, అతన్ని వెంటబెట్టుకుని రేపే వెళ్ళి అడగండి. రెండోది, ఏం చేయాలో అతనికి అర్థం కాలేదు. పని మొత్తం మీ తలలో ఉంది, కాగితం మీద లేదు. మూడోది, అతనికి నిజంగా ఈ ఇంటర్న్‌షిప్ మీద మనసు లేదు. సాయంత్రం బ్యాంక్ కోచింగో, వేరే ఉద్యోగం ప్రయత్నమో ఉంటుంది. సర్టిఫికెట్ కోసం వచ్చానని ఒకరు నా ముఖాన్నే చెప్పారు.

ఏ కారణమైనా తర్వాతి అడుగు ఒకటే. అతనికి ఒక ముక్క పని, ఒక తేదీ. ఆ ముక్కను ఎలా కోస్తారన్న దాని మీద చాలా ఆధారపడి ఉంటుంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

ఇద్దరు ఇంటర్న్‌లు పని పంచుకోమంటే దాదాపు అందరూ "నువ్వు ఫ్రంటెండ్, నేను బ్యాకెండ్" అనుకుంటారు. చూడ్డానికి సమానంగానే ఉంటుంది. కానీ బ్యాకెండ్ అయ్యేదాకా ఫ్రంటెండ్ వాడి చేతిలో చూపించడానికి ఏమీ ఉండదు. వేగంగా చేసేవాడు రెండూ తనే చేసేస్తాడు. నెమ్మదిగా చేసేవాడు ఎదురుచూస్తూ ఉండిపోతాడు. వారం గడిచాక ఎవరి వల్ల ఆగిందో ఎవరూ చెప్పలేరు. అలా కాకుండా, వాడేవాళ్ళకు కనిపించే ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా ఒకరికే ఇవ్వండి. మీ యాప్‌లో రిసెప్షన్‌లో టోకెన్ ఇచ్చేది మీది. హాల్లో బోర్డు అతనిది. బోర్డుకు కావాల్సినవి మూడే విషయాలు: టోకెన్ నంబరు, ఏ డాక్టరు, లోపల ఉన్నారా బయట ఉన్నారా. మీ ఏపీఐ కోసం అతను ఆగకుండా ఇలాంటి నమూనా ఫైల్ ఒకటి ఇద్దరూ కూర్చుని రాసుకోండి:

```
[
  {"token": 13, "doctor": "D2", "status": "inside"},
  {"token": 14, "doctor": "D2", "status": "waiting"}
]
```

మీ ఏపీఐ తర్వాత ఇదే ఆకారంలో ఇస్తుంది. అతను ఇవాళే ఈ ఫైల్‌తో బోర్డు కట్టుకోవచ్చు. ఒకరి కోసం ఒకరు ఆగే పని లేదు.

మొదటి ముక్క చిన్నగా ఉండాలి. ఆరేడు గంటలు కూర్చుంటే అయ్యేంత. "బోర్డు మొత్తం" అనకండి. "ఒక డాక్టరుకు ఇప్పుడు లోపల ఉన్న టోకెన్ పెద్ద అంకెల్లో, తర్వాతి మూడు టోకెన్లు కింద. ఫైల్‌లో స్టేటస్ మార్చి పేజీ రిఫ్రెష్ చేస్తే అంకె మారాలి. సోమవారం సాయంత్రం 5 గంటలకు token-board బ్రాంచ్‌లో ఉండాలి." ఇలా రాసుకుంటే సోమవారం సాయంత్రం అయిందా లేదా అన్నదానికి వాదన ఉండదు. బ్రౌజర్ తెరిస్తే తెలిసిపోతుంది. తేదీ మాత్రం అతన్నే చెప్పమనండి. మీరు పెట్టిన తేదీ కంటే తను ఒప్పుకున్న తేదీకి మనిషి ఎక్కువ కట్టుబడతాడు.

మాట్లాడి వచ్చాక ఒక చిన్న మెసేజ్ అతనికొక్కడికే పెట్టండి: "మనం అనుకున్నది: బోర్డు మొదటి పేజీ నువ్వు, సోమవారం 5కి. టోకెన్ ఏపీఐ నేను, అదే టైమ్‌కి. ఏదైనా ఆగితే ఆదివారం లోపు చెప్పు, కూర్చుందాం. సరేనా?" అతని నుంచి "సరే" రావాలి. ఈ మెసేజ్‌లో మీ పని, మీ తేదీ కూడా ఉండాలి. అది లేకపోతే మీరు అతని మీద సూపర్‌వైజర్ అయినట్టుంటుంది, ఆ అధికారం మీకు ఎవరూ ఇవ్వలేదు.

ఇక్కడి నుంచి మీకు కష్టమైన భాగం. ఆదివారం రాత్రి ఆ బ్రాంచ్‌లో ఏమీ కనిపించకపోతే, మీరే కూర్చుని రాసేయాలనిపిస్తుంది. రాయకండి. మీరు రాసేస్తే అతను చేసేవాడా కాదా అనేది ఎప్పటికీ తెలియదు. మెంటర్‌కి చెప్పడానికి కూడా ఏమీ మిగలదు, బోర్డు నడుస్తూ ఉంటుంది కాబట్టి. అతను పెట్టిన కోడ్ బాగా లేకపోయినా తిరగరాయొద్దు. పుల్ రిక్వెస్ట్‌లో ఏ లైన్ ఎందుకు మార్చాలో రాయండి, మార్చేది అతనే. ఇద్దరూ కలిసి కూర్చుని ఒకే సిస్టమ్‌లో రాసిన రోజు కమిట్ మెసేజ్ చివర, ఒక ఖాళీ లైన్ వదిలి, ఇది చేర్చండి:

```
Co-authored-by: Name <mail@example.com>
```

గిట్‌హబ్‌లో ఆ కమిట్ పక్కన ఇద్దరి పేర్లూ కనిపిస్తాయి. అతని గిట్‌హబ్ ఖాతాలో ఉన్న మెయిలే రాయాలి. కానీ అతను చేయని పనికి జాలిపడి అతని పేరు పెట్టకండి. అది అబద్ధపు రికార్డు అవుతుంది. రేపు ఇంటర్వ్యూలో ఆ కోడ్ గురించి అడిగితే ఇరుక్కునేది అతనే.

సోమవారం మూడు రకాలుగా జరగొచ్చు. పని వస్తుంది, అప్పుడు మెంటర్‌కి చెప్పాల్సిన ఫిర్యాదే లేదు. రెండో ముక్క ఇచ్చుకోండి. సగం వస్తుంది, లేదా ఆదివారమే "ఇక్కడ ఆగింది" అని ఫోన్ చేస్తాడు. అది పని చేస్తున్న మనిషి లక్షణం. నెమ్మదిగా చేయడం, చేయకపోవడం ఒకటి కాదు. మూడోది, తేదీ దాటిపోతుంది, ముందు ఒక్క మాట ఉండదు. అప్పుడు ఇంకొక్క రోజు, మంగళవారం సాయంత్రం దాకా ఆగి, అతనికే ముందు చెప్పండి: "రేపు సార్‌కి ప్రాజెక్ట్ ఎక్కడుందో చెప్పాలి. బోర్డు మొదలుకాలేదని చెప్తాను. ఇద్దరం కలిసి వెళ్దాం, నీ ఇబ్బంది ఏదైనా ఉంటే నువ్వే చెప్పుకో." మీరు మెంటర్‌కి చెప్పే మాట అతను ముందే విని ఉండాలి. అతని వెనక చెప్పడం, అతని ముందు చెప్పడం మధ్య ఉన్న తేడా ఇదే. ఇది బెదిరింపులా వినిపిస్తుందని మీకు అనిపించొచ్చు. గొంతులో కోపం లేకుండా, రోజూ మాట్లాడినట్టే చెప్తే అలా వినిపించదు.

అతను రాకపోయినా మీరు వెళ్ళండి. బుధవారం అని మొదట అన్నది ఇందుకే. అప్పటికి ఆరో వారం సగంలో ఉంటారు. మెంటర్ చేతిలో ఇంకా రెండు వారాలకు పైగా ఉంటుంది. ఆయన బోర్డు తీసేసి ప్రాజెక్ట్ చిన్నది చేయొచ్చు, అతనికి వేరే పని ఇవ్వొచ్చు, రోజూ పావుగంట పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. ఎనిమిదో వారంలో డెమో ముందు రోజు చెప్తే ఆయన చేయగలిగింది ఏమీ ఉండదు, తప్పెవరిదో తేల్చడం తప్ప. చాలామంది మొహమాటంతో ఆలస్యం చేస్తారు. అవతలి మనిషికి ఎక్కువ నష్టం చేసేది ఆ ఆలస్యమే, ఎందుకంటే సరిదిద్దుకునే అవకాశం కూడా పోతుంది.

మెంటర్‌తో చెప్పేది ఇంతకంటే పెద్దది అక్కర్లేదు:

"సార్, ప్రాజెక్ట్ పరిస్థితి చెప్దామని వచ్చాను. టోకెన్ ఇచ్చే స్క్రీన్, ఏపీఐ అయ్యాయి. హాల్ బోర్డు మొదటి పేజీ సోమవారానికి అనుకున్నాం, ఇంకా రాలేదు. గురువారం ఇద్దరం కూర్చుని పని పంచుకున్నాం, నమూనా డేటా కూడా రెడీగా ఉంది. మొదట్లో పని సరిగ్గా పంచుకోకపోవడంలో నా తప్పు కూడా ఉంది. ఈ వారం బోర్డు మొదలుకాకపోతే డెమోకి అందదు. స్కోప్ తగ్గించాలా, వేరేలా పంచాలా, మీరు చెప్పండి. మీతో మాట్లాడుతున్నానని తనకి చెప్పాను."

మీ ఆఫీసులో ఇంగ్లీషులో మెయిల్ పెట్టాల్సి వస్తే ఇదే వరుసలో పెట్టండి. ఇందులో ఏమి లేవో చూడండి. "బద్ధకం", "సీరియస్‌నెస్ లేదు", "ఎప్పుడూ ఫోన్ చూస్తుంటాడు" లాంటి మాటలు లేవు. అవి మీ ఊహలు. మీరు చూసింది తేదీ, బ్రాంచ్, ఖాళీ పేజీ. అతను చెప్పుకున్న సొంత విషయాలు కూడా లేవు. టీ దగ్గర అతను కోచింగ్ సంగతో, ఇంట్లో ఇబ్బందో చెప్పి ఉంటే, అది అతను చెప్పుకోవాలి, మీరు కాదు. కమిట్ల లెక్క కూడా మీరుగా తీయకండి. మెంటర్ అడిగితే చూపించండి, దాంతో పాటు ఆ లెక్కలో కనిపించని పని ఏదైనా అతను చేసి ఉంటే అదీ చెప్పండి. క్లినిక్‌కి వెళ్ళి చూసి వచ్చాడా, టెస్టింగ్ చేశాడా, మీకు ఏదైనా ఐడియా ఇచ్చాడా?

సర్టిఫికెట్ భయం గురించి ఒక మాట. ఒక ఇంటర్న్ వచ్చి ఇలా చెప్పినంత మాత్రాన నేను ఎవరి సర్టిఫికెట్టూ ఆపలేదు, నాకు తెలిసిన మెంటర్లు కూడా ఆపలేదు. మేం చేసేది అతన్ని పిలిచి అడగడం, పని మార్చడం, తర్వాతి రెండు వారాలు దగ్గరగా చూడడం. ఆ తర్వాత కూడా రాకపోతే, సర్టిఫికెట్ కోసం వచ్చానని నా ముఖాన్నే చెప్పిన ఆ మనిషి విషయంలో జరిగినట్టు, హాజరైన రోజులు మాత్రమే రాసి పనితీరు గురించి ఏమీ రాయకుండా ఇస్తాం. ఆ నిర్ణయం మెంటర్‌ది. అది మీ నోటి నుంచి రాకూడదు, "అతనికి సర్టిఫికెట్ ఇవ్వొద్దు" గానీ "ఎలాగైనా ఇవ్వండి" గానీ.

మా కోల్డ్ స్టోరేజీ జత ఏమైందంటే, పని మళ్ళీ కోశాం. టిక్కీలు దింపేది ఆ అమ్మాయికి, అమ్మి బయటికి పంపే డెలివరీ అతనికి. గుమస్తా పక్కన కూర్చున్నది అతనే కాబట్టి ఆ భాగం అతనికే బాగా తెలుసు. నలుగురి ముందు అడిగాను కాబట్టి ఆ నలుగురి ముందే క్షమాపణ చెప్పాను. మిగిలిన నాలుగు వారాల్లో అతను మూడు స్క్రీన్లలో రెండు పూర్తి చేశాడు. మూడోది, పాక్షికంగా అమ్మిన లాట్ మిగులు చూపించేది, అతని వల్ల కాలేదు. చివరి వారం ఆ అమ్మాయి చేసింది, అలాగే రాసుకున్నాం. పని సగం సగం పంచుకున్నట్టు కాలేదు, కానీ ఎవరు ఏం చేశారో ముగ్గురికీ తెలుసు, ముగ్గురం ఒప్పుకున్నాం.

చివరగా కాలేజీ పుస్తకం. మీది ఆంధ్రప్రదేశ్ కాలేజీ అయితే ఇంటర్న్‌షిప్ ప్రోగ్రామ్ బుక్‌లో రోజువారీ పని, వారం రిపోర్ట్ రాసే పేజీలు ఉండే ఉంటాయి. చాలామంది వాటిని చివరి రెండు రోజుల్లో కూర్చుని ఒకరిది ఒకరు చూసి రాసేస్తారు. మీరు ఈ వారం నుంచి ఏ రోజుది ఆ రోజే రాయండి. "టోకెన్ ఏపీఐ రాశాను" అని మీ పని రాయండి, "టీమ్‌మేట్ చేయనందున నేనే చేశాను" అని రాయకండి. ఆ పుస్తకం కాలేజీలో ఎవరెవరి చేతుల్లోకో వెళ్తుంది, అక్కడ అతను జవాబు చెప్పుకోలేడు. అతను తన పుస్తకంలో మీ ఏపీఐ కూడా రాసుకుంటే, సంతకానికి ఇవ్వకముందే అతనితోనే అనండి: "ఈ లైన్ నాది, బోర్డు నీది, అది రాసుకో." డెమో రోజు కూడా అంతే. టోకెన్ స్క్రీన్ మీరు చూపించండి, బోర్డు ఎంత వరకు అయితే అంత అతన్నే చూపించమనండి. ముందు రోజు సాయంత్రం ఒకసారి అతని చేతనే నడిపించి చూడండి, ఆఫీసు టీవీకి కనెక్ట్ చేసి.